మూడో అంతస్తులో ఫిడేలు

విజయదశమి దగ్గర పడుతుంటే సంగీత వాయిద్యాల దుకాణాల్లో సందడి మొదలవుతుంది. అక్షరాభ్యాసానికి మంచిరోజైతే స్వరాభ్యాసానికీ మంచిరోజే కదా అని పదేళ్ల పిల్లల్ని వెంటబెట్టుకుని పెద్దలు వస్తారు. గోడకు వేలాడుతున్నవాటిలో పిల్లల కళ్లు దేనిమీద నిలిస్తే దాన్ని కొని పట్టుకెళ్తారు. ఉగాది వచ్చేసరికి అది సంచీతో సహా మంచం కిందికి చేరుతుంది. "మా పిల్లకి ఓపిక లేదు" అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. తీరా ఆరా తీస్తే, వాయించినప్పుడల్లా ఎవరో ఒకరు తలుపు వేసుకోమన్నారనో, తాతయ్య పడుకున్నారు ఇప్పుడొద్దన్నారనో, సంచీ పైనుంచి దింపేవాళ్లు లేరనో తెలుస్తుంది. నెల రోజులు అలా గడిస్తే ఏ పిల్లయినా అడగడం మానేస్తుంది.

అపార్ట్‌మెంటులో పెరిగే పిల్లకి మొదటి వాయిద్యం ఎంచడమంటే ఈ అడ్డంకుల్ని దుకాణానికి వెళ్లకముందే లెక్కవేసుకోవడం. ఆ లెక్క ఎలా సాగుతుందో చూడటానికి ఒక ఇంటిని ఊహించుకుందాం. ఇలాంటి ఇల్లు హైదరాబాదులో ఏ వీధిలోనైనా ఉంటుంది.

కూకట్‌పల్లిలో మూడో అంతస్తు. రెండు పడక గదులు, ఒక హాలు, బట్టలారేసుకునేంత బాల్కనీ. అమ్మ, నాన్న, నాయనమ్మ, పదేళ్ల పాప. పాప ఏడాదిగా పక్క బ్లాకులో ఉన్న టీచరుగారి దగ్గర కర్ణాటక గాత్రం నేర్చుకుంటోంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అయిపోయి గీతాలు నడుస్తున్నాయి. ఇప్పుడు ఒక వాయిద్యం కావాలంటోంది. కింద ఫ్లాటులో ఉన్నాయన రాత్రి షిఫ్టు చేసి వచ్చి మధ్యాహ్నం దాకా నిద్రపోతాడు. పక్క ఫ్లాటులో ఇంటర్ చదివే కుర్రాడు.

నాన్న కీబోర్డు అన్నాడు. నాయనమ్మది విజయనగరం వైపు. ఆవిడ వీణ అంది. పాలకొల్లు నుంచి వచ్చిన మామయ్య మాండలిన్ పేరెత్తాడు. పాపని అడిగితే ఫిడేలు అంది.

నాన్న మాటలో బలముంది. ఇయర్‌ఫోన్లు తగిలిస్తే ఇంట్లోవాళ్లకే వినపడని వాయిద్యం కీబోర్డు. 61 మెట్లున్నది మూడడుగులకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది, చదువుకునే బల్లమీదే పెట్టుకోవచ్చు. శ్రుతి చేసే పని లేదు; మెట్టు నొక్కితే సరైన స్వరమే పలుకుతుంది. కొనేటప్పుడు చూడవలసినవి రెండే. మెట్లు పూర్తి వెడల్పున ఉండాలి: ఒక షడ్జం నుంచి పై నిషాదం దాకా ఏడు తెల్ల మెట్లు కలిపి ఆరున్నర అంగుళాలు రావాలి. అంతకు బాగా తగ్గితే అది బొమ్మ కీబోర్డు, వేళ్లు తప్పుడు దూరానికి అలవాటు పడతాయి. రెండోది, మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి. దుకాణంలో ఒకే మెట్టుని రెండు రకాలుగా నొక్కి చూస్తే తెలిసిపోతుంది. ఎలా నొక్కినా ఒకటే చప్పుడు వస్తే ఆ పెట్టె మీద పిల్లకి వేళ్ల బరువు ఎప్పటికీ తెలియదు.

ఇయర్‌ఫోన్ల విషయంలో ఒక జాగ్రత్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు సూచించే హద్దు వారానికి 40 గంటలకు 75 డెసిబెళ్లు. పెద్దలకు అది 80. ఇంట్లో డెసిబెళ్లు కొలవడం కుదరదు కాబట్టి, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా పక్కన కూర్చున్న అమ్మ మామూలు గొంతుతో పిలిస్తే పాపకి వినపడేలా ఉంచితే చాలు.

సినిమా పాటలు వాయించాలనో, పాశ్చాత్య సంగీతం నేర్చుకోవాలనో అనుకునే పిల్లకి చర్చ ఇక్కడే ముగుస్తుంది, కీబోర్డు కొనేయవచ్చు. ఈ పాప సంగతి వేరు. ఆమె నేర్చుకుంటున్నది కర్ణాటక సంగీతం. మాయామాళవగౌళలో సరళీ స్వరాల వరకు కీబోర్డు చక్కగా తోడొస్తుంది, గీతాలకూ ఇబ్బంది ఉండదు. వర్ణాలు మొదలయ్యాక చిక్కు వస్తుంది. తోడి రాగంలో గాంధారం ఒకచోట నిలబడి పలికే స్వరం కాదు, ఊగుతూ పలికే స్వరం. మెట్టుకీ మెట్టుకీ మధ్య కీబోర్డులో ఏమీ లేదు. కాబట్టి ఆ ఊపు, అంటే గమకం, అక్కడ మామూలుగా పుట్టదు. స్వరాన్ని వంచే చక్రం ఉన్న పెట్టెల మీద ఆరితేరినవాళ్లు దాన్ని సాధిస్తారు గానీ అది మొదటి ఏడాది పిల్లలు చేసే పని కాదు. ఈ వాదన కొత్తదేం కాదు. గమకం పలకదన్న కారణం కూడా చూపి ఆల్ ఇండియా రేడియో 1940లో హార్మోనియాన్ని పక్కన పెట్టింది. ఆ నిషేధాన్ని సడలించడం 1971లో మొదలైంది. హార్మోనియానికి వర్తించిన మాట కీబోర్డుకీ వర్తిస్తుంది. గొంతుతో ఒకటి, వేళ్లతో మరొకటి నేర్చుకునే పిల్లకి రెండేళ్ల తర్వాత ఆ రెండూ కలవవు.

నాయనమ్మ చెప్పిన వీణకి ఆ లోటు లేదు. తీగని మెట్టుమీద పక్కకి లాగితే గమకం దానంతటదే పలుకుతుంది. పైగా ఇరుగుపొరుగులకి అంత అనుకూలమైన వాయిద్యం మరొకటి ఉండదు. తలుపు వేస్తే పక్క గదిలోకే సన్నగా వినిపిస్తుంది. నాయనమ్మ మనసులో ఉన్నది బొబ్బిలి వీణ. గొల్లపల్లిలో పనస మానుని ఒకే ముక్కగా తొలిచి చేసే ఏకాండీ వీణ అది.

చిక్కంతా దాని పొడవులోనూ మైనంలోనూ ఉంది. వీణ నాలుగడుగులు ఉంటుంది. కుండ నేలమీద, రెండో వైపు బుర్ర ఎడమ తొడమీద ఆనించి వాయించాలి. పదేళ్ల పిల్ల చెయ్యి కింది మెట్లకి అందినా పై మెట్లకి చేరేసరికి నడుము వంగిపోతుంది. చిన్న సైజు వీణలు చేయించుకోవచ్చు. బహుమతిగా ఇచ్చే అడుగు పొడవు వీణని మాత్రం వాటిలో లెక్కపెట్టకూడదు, అది అలంకారం కోసం చేసింది. ఇక మైనం. వీణకున్న 24 మెట్లూ మైనంలో గుచ్చి నిలబెట్టినవే. పడమటి గోడ ఎండకి కాగే గదిలో, ఏప్రిల్, మే నెలల్లో ఆ మైనం మెత్తబడి మెట్లు కదిలితే స్వరస్థానాలు తప్పుతాయి. మళ్లీ మెట్లు కట్టడానికి పనివాడు కావాలి. నలుగురు తిరిగే హాల్లో నేలమీద పరిచి ఉంచలేరు, రోజూ తీసి పెట్టడం పిల్ల వల్ల కాదు, స్కూటరు మీద టీచరుగారింటికి పట్టుకెళ్లలేరు. నేలమీద ఒక మూల దానికోసమే వదిలేయగల ఇల్లయితే, టీచరే ఇంటికొచ్చేటట్లయితే, వీణని మించిన ఎంపిక లేదు. ఈ ఇంట్లో ఆ రెండూ లేవు.

మామయ్య మాండలిన్ పేరు ఎందుకెత్తాడో వేరే చెప్పక్కర్లేదు. మాండలిన్ శ్రీనివాస్‌ది పాలకొల్లే. 1978లో గుడివాడలో తొలి కచేరీ చేసేనాటికి ఆయన వయసు తొమ్మిదేళ్లు. జంటలు జంటలుగా ఎనిమిది తీగలుండే మాండలిన్‌ని ఆయన ఐదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌గా మార్చుకుని కర్ణాటక సంగీతాన్ని పలికించాడు. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లకి ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. లోపల డొల్ల లేకుండా గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ వాయిద్యాన్ని యాంప్లిఫయర్‌కి తగిలించకుండా మీటితే వాయించేవాళ్లకి వినిపిస్తుంది, తలుపు దాటి వెళ్లదు. ఎలక్ట్రిక్ గిటారుకీ ఇదే సూత్రం. అయితే అమ్మ వారం రోజులు వాకబు చేసినా చుట్టుపక్కల కర్ణాటక పద్ధతిలో మాండలిన్ నేర్పేవాళ్లు దొరకలేదు. వాయిద్యం కొరియర్లో వస్తుంది గానీ, వేలు ఎక్కడ తప్పు పెడుతోందో చూసి సరిచేసే మనిషి పక్కనే కూర్చోవాలి, ముఖ్యంగా మొదటి ఆరునెలలు. అలా మాండలిన్ పక్కకి వెళ్లింది.

మిగిలింది ఫిడేలు. గాత్రం నేర్పే టీచరుగారి ఇంట్లోనే వారానికి రెండుసార్లు ఫిడేలు నేర్పే మాస్టారు వస్తారు. మెట్లు లేని వాయిద్యం కాబట్టి గొంతు వెళ్లే ప్రతి చోటికీ వెళ్తుంది. కర్ణాటక పద్ధతిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఫిడేలు తలని కుడి పాదం మీద ఆనించి, రెండో చివరని ఎడమ భుజం దగ్గర ఛాతీకి ఆన్చి వాయిస్తారు. నిలబడి గడ్డం కింద నొక్కిపట్టే పాశ్చాత్య పద్ధతితో పోలిస్తే మెడమీద బరువు పడదు, గదిలో ఒక చాప వేసేంత చోటు సరిపోతుంది. పెట్టె రెండున్నర అడుగులు, అలమారాలో పడుతుంది. దీనికున్న చిక్కు ఒక్కటే, మొదటి ఆరునెలలు అది వినడానికి బాగుండదు. కమాను తీగమీద జారి గీరుకుంటుంది. ఆ గీరుడు సన్నగా, ఎత్తుగా, ఆగకుండా సాగుతుంది. కింద ఫ్లాటాయన నిద్ర సంగతి ఇక్కడే గుర్తుకు రావాలి.

ఇంట్లోంచి చప్పుడు రెండు దారుల్లో బయటికి పోతుంది. ఒకటి గాలి దారి: తలుపు కింద సందు, కిటికీ, స్నానాలగది వెంటిలేటరు తెరుచుకునే గొట్టంలాంటి ఖాళీ. రెండోది కట్టడం దారి: నేలకో గోడకో తగిలిన దెబ్బ స్లాబులోకి దిగి కింది ఇంట్లో మోగుతుంది. మృదంగం, తబలా, డ్రమ్ములు రెండో దారిని ఎక్కువగా వాడుకుంటాయి, అందుకే తలుపులెన్ని మూసినా కిందివాళ్లకి ఆ దరువు వినిపిస్తూనే ఉంటుంది. వాటికింద మందపాటి బొంత రెండు మడతలు వేస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. బరువైన మెట్లున్న డిజిటల్ పియానోలోనూ ఇదే జరుగుతుంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న పిల్లకి సంగీతం వినిపిస్తుంటే, కింది ఇంటివాళ్లకి స్టాండు కాళ్లలోంచి దిగే టకటక మాత్రమే వినిపిస్తుంది.

ఫిడేలు మొదటి దారిలో పోతుంది కాబట్టి దాన్ని అడ్డుకోవడం తేలిక. బాల్కనీకి దూరంగా ఉన్న పడకగది, పక్కింటి గోడకి ఆనుకుని బట్టలు నిండిన బీరువా, తలుపు కింద చుట్టి పెట్టిన దుప్పటి: ఈ మూడూ ఖర్చులేని పనులే. ఖాళీ గది మోగుతుంది, పరుపూ తెరలూ ఉన్న గది మోగదు. వీటికి తోడు ఫిడేలు గుర్రం మీద తొడిగే మ్యూట్ అని ఒక చిన్న రబ్బరు ముక్క దొరుకుతుంది. తీగల కదలిక గుర్రం ద్వారానే పెట్టెలోకి దిగి పెద్దదవుతుంది. ఆ గుర్రానికి బరువు తగిలిస్తే కదలిక తగ్గి చప్పుడు సగానికి పైగా పడిపోయినట్టు చెవికి అనిపిస్తుంది. లోహంతో చేసినవి ఇంకా ఎక్కువ తగ్గిస్తాయి, కానీ జారి పడితే ఫిడేలు మీద గీత పడుతుంది, అందుకే పిల్లలకి రబ్బరుదే మేలు.

ఎప్పుడూ మ్యూటుతోనే వాయిస్తే నష్టముంది. కమాను తిన్నగా నడుస్తోందా లేదా అన్నది ఆ నాదంలోని తేడాని బట్టే పిల్లకి తెలుస్తుంది, మ్యూట్ ఆ తేడానే కప్పేస్తుంది. రోజూ కనీసం పది నిమిషాలు అది తీసేసి వాయించాలి. అది ఏ పది నిమిషాలు అన్నది కిందాయన్ని అడిగి ఖాయం చేసుకోవలసిన విషయం. నాన్న వెళ్లి "అన్నగారూ, పాప ఫిడేలు మొదలుపెడుతోంది, మీకు ఏ టైములో ఇబ్బంది ఉండదు?" అని అడిగాడు. సాయంత్రం ఆరు దాటితే ఎంతసేపైనా పరవాలేదన్నాడాయన. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు రాత్రి సమయంగా లెక్కపెట్టి, నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు పరిమితిగా పెట్టాయి. కానీ అపార్ట్‌మెంటులో ఆ అంకెల దాకా వెళ్లేలోపే మనుషుల మధ్య మాట పోతుంది. ముందుగా ఒక్కసారి అడగడం, ఒక వేళకి కట్టుబడి ఉండడం ఆ నియమాలకన్నా ఎక్కువ పనిచేస్తాయి.

ఇక దుకాణం. ఫిడేళ్లు పూర్తి సైజు కాక ముప్పాతిక, సగం, పావు, ఇంకా చిన్నవి కూడా ఉంటాయి. పిల్ల ఎడమ చేతిని పక్కకి చాపి, అరచేయి పైకి తిప్పి, మెడ దగ్గర్నుంచి అరచేతి మధ్య వరకు టేపుతో కొలుస్తారు. సుమారు 20 అంగుళాలు వస్తే సగం సైజు, 22 దరిదాపుల్లో ముప్పాతిక, 23 దాటితే పూర్తి సైజు. ఈ పాపకి 21 వచ్చింది. పదేళ్లవాళ్లలో చాలామంది ఈ మధ్యలోనే ఉంటారు, ఇక్కడే పెద్దలు పొరపాటు చేస్తారు. స్కూలు యూనిఫాం కొన్నట్టు "పెరుగుతుంది కదా" అని పెద్దది కొంటారు. పెద్ద ఫిడేలు మీద చిటికెనవేలు చాచి పెట్టవలసి వస్తుంది. ఆ చాపుడుకి మణికట్టు వంగిపోతుంది, స్వరం ఎప్పుడూ కాస్త తగ్గి పలుకుతుంది, పిల్లకి శ్రుతి జ్ఞానం లేదన్న నింద మిగులుతుంది. రెండింటి మధ్య సందేహం వస్తే చిన్నదే కొనాలి. మాస్టారు పాపని కింద కూర్చోబెట్టి, సగం సైజు ఫిడేలు తల పాదం మీద కుదురుగా ఆనుతోందో లేదో చూసి, చిటికెనవేలు వంగి పడుతోందో లేదో చూసి, అదే ఖాయం చేశారు.

అదే దుకాణంలో మరో పావుగంట గడిపితే ఆర్నెల్ల బాధ తప్పుతుంది. బిరడాలు తిప్పితే ఆగినచోట నిలబడాలి. వదలగానే వెనక్కి జారితే ఆ ఫిడేలు రోజూ శ్రుతి తప్పుతుంది. కొద్దిగా సుద్ద రాస్తే సర్దుకునే జారుడు వేరు, రంధ్రమే అరిగిపోయిన జారుడు వేరు; ఆ తేడా మాస్టారే చెప్పగలరు. తల దగ్గర, తీగలు మొదలయ్యే చోట, తీగకీ చెక్కకీ మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. కార్డులు రెండు మూడు పట్టేటంత ఎత్తుంటే ఆ తీగలు నొక్కడానికి పిల్ల వేళ్లు చాలవు, నొప్పి పుట్టి వారంలో వదిలేస్తుంది. పక్కనుంచి చూస్తే గుర్రం నిటారుగా నిలబడాలి, తల వైపు ఒరగకూడదు. చౌక ఫిడేళ్లలో లోపాలన్నీ ఎక్కువగా ఈ మూడు చోట్లే ఉంటాయి. చేతిపని తెలిసిన మనిషి వీటిని సరిచేసి ఇస్తే, తక్కువ ధర ఫిడేలే మొదటి రెండేళ్లకి చాలు. సగం సైజు ఎలాగూ ఏడాదో రెండేళ్లో ఉంటుంది కాబట్టి, తర్వాత పెద్దది కొనేటప్పుడు దీన్ని వెనక్కి తీసుకుని ధరలో తగ్గించే దుకాణం వెతుక్కోవడం మంచిది. టీచరుగారి పాత శిష్యులింట్లో పక్కన పడున్న సగం సైజు ఫిడేలు ఉందేమో అడగడం ఇంకా మంచిది.

ఇంట్లో దానికి చోటెక్కడ అన్నది చివరి ప్రశ్న. అటక మీద పెడితే వేసవిలో చెక్క ఎండి అతుకులు విడతాయి, పైగా దింపడానికి నాన్న రావాలి. ఏసీ గాలి నేరుగా తగిలే చోటా, ఎండ పడే కిటికీ పక్కనా పనికిరావు. వానాకాలంలో చెక్క ఉబ్బి బిరడాలు బిగుసుకుంటాయి, ఎండల్లో వదులవుతాయి. మొదటి ఏడాది శ్రుతి చేసే పని పెద్దలే చెయ్యాలి, లేకపోతే బలంగా తిప్పి తీగ తెంపుకుంటారు. ఈ ఇంట్లో పాప బల్ల పక్కన, తన ఎత్తులో, పుస్తకాల అర ఒకటి ఖాళీ చేశారు. పెట్టె అక్కడే ఉంటుంది, తాళం వెయ్యరు. వాయించడం అయ్యాక కమాను వెంట్రుకల బిగువు వదులు చెయ్యడం, తీగలమీద రాలిన రోజిన్ పొడి మెత్తని గుడ్డతో తుడవడం పాప పనులు.

మొదటి నెల పాఠం ఒక్కటే. ఎడమ చేతి వేలేవీ పెట్టకుండా, నాలుగు లెక్కపెట్టేలోపు కమాను ఒక చివర్నుంచి మరో చివరకి, మళ్లీ వెనక్కి. నాలుగు తీగలూ షడ్జ పంచమాలకి శ్రుతి చేసి ఉంటాయి గనుక ఖాళీ తీగలే తంబురాలా పలుకుతాయి. రోజుకి రెండుసార్లు, పదిహేను నిమిషాల చొప్పున. ఉదయం బడికి ముందు మ్యూటుతో, సాయంత్రం ఆరు దాటాక పది నిమిషాలు అది తీసేసి. రెండో నెల చివరికి ఆ నిడుపాటి చప్పుడులో గీరుడు తగ్గి ఒక స్వరం స్థిరంగా నిలబడితే కమాను కుదిరినట్టు. అప్పటికీ గీరుడే వినిపిస్తుంటే ముందు కుడి భుజం చూడాలి: అది చెవి వైపు లేస్తుంటే కూర్చునే ఎత్తు తప్పు, కింద మడత దుప్పటి వేసి మళ్లీ చూడాలి.

నాయనమ్మ వీణ సంగతి వదల్లేదు. పాప చెయ్యి పెరిగాక చూద్దామని అమ్మ టేపుని ఫిడేలు పెట్టె జేబులోనే పెట్టింది. వచ్చే జూన్‌లో బడి తెరిచే ముందు మళ్లీ కొలుస్తారు. 22 వస్తే ముప్పాతిక ఫిడేలు.